జెల్ తినని హాఫ్ మారథాన్

ఆవిడ చేతుల మీదుగా వెళ్లని రోత లేదు. రక్తపరీక్షల ల్యాబ్‌లో ఇరవై ఏళ్ల నుంచీ పనిచేస్తోంది. కఫం డబ్బాలు, మూత్రం సీసాలు, మూత సరిగ్గా బిగించని ఇంకా ఘోరమైన డబ్బాలు. ఒలికితే చేతొడుగు మార్చుకుని తర్వాతి పేషెంటుని పిలుస్తుంది తప్ప ముఖం చిట్లించదు. నొప్పి తెలియకుండా సూది గుచ్చుతుందని అందరూ సూదమ్మ అంటారు. కొత్తగా చేరిన పిల్లలు ముక్కు మూసుకుంటే, "మన లోపల ఉన్నదే కదర్రా, బయటికొచ్చింది" అని నవ్వుతుంది.

అలాంటి సూదమ్మకి ఒక్క వస్తువంటే మాత్రం కడుపులో దేవుతుంది. పరుగెత్తేవాళ్లు శక్తి కోసం దారిలో చప్పరించే జెల్. వేలెడంత ప్యాకెట్‌లో చక్కెర జిగురు. దాని పేరెత్తితేనే ముఖం తిప్పుకుంటుంది.

దానికో కారణముంది. కిందటేడు మొదటి మారథాన్ పరుగెత్తింది. నలభై రెండు కిలోమీటర్ల దారిలో ముప్పై వరకు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. అప్పుడు కాళ్లు పిండిబొమ్మల్లా అయిపోయాయి. దారిపక్క ఎవరో చేతిలో పెట్టిన జెల్‌ని, అంతకుముందెన్నడూ రుచి చూడనిదాన్ని, ఒక్క గుక్కలో మింగి, దాని మీద తియ్యటి డ్రింకు పోసుకుంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. పావుగంటలో మొత్తం వాంతై రొమ్ము మీదికి వచ్చేసింది. ఆగిపోయినవాళ్లను ఏరుకొచ్చే బస్సు ఎక్కించారు. పక్కసీటు మనిషి లేచి ముందుకెళ్లిపోయాడు. వెనక ఎవరో కిటికీ తెరిచారు. ముగింపు గీత దగ్గర నిలబడ్డ కూతురు, బస్సు దిగుతున్న అమ్మని కావలించుకోబోయి, వాసనకి ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణాన్ని సూదమ్మ ఏడాదిగా మోస్తోంది. అందరి రోతనీ నవ్వుతూ ఎత్తిన మనిషి, తనే రోతయిపోవడం తట్టుకోలేకపోయింది.

అందుకే ఈ ఏడు పంతం పట్టింది. ఈసారి ఆ గీత తన కాళ్ల మీద దాటాలి. ఇంకో కోరిక లేదు.

పొద్దున్నే చెరువు చుట్టూ పరుగెత్తే గుంపుకి గురువు ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు. మారథాన్‌కి నాలుగు వారాల ముందు అందరినీ ఒక హాఫ్ మారథాన్‌కి, అంటే ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగుకి తీసుకెళ్లాడు. ముందురోజు సాయంత్రం కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రేపటిది ఇల్లు. మీ టైము చూస్తే మారథాన్‌కి ఎంత వేగంతో బయల్దేరాలో తెలుస్తుంది. రెట్టింపు చేసి, పైన ఓ పది పన్నెండు నిమిషాలు కలుపుకోండి. అది సగం పనే. అసలు రోజు ఏ బూట్లు వేస్తారో అవే వెయ్యండి, ఏ బనీను తొడుక్కుంటారో అదే తొడుక్కోండి, పొద్దున ఏం తింటారో అదే తినండి. జెల్ కూడా అప్పుడు తీసుకునేట్టే తీసుకోండి. కాళ్లకే కాదు, కడుపుకీ సాధన కావాలి."

మరిది కూడా ఆ గుంపులోవాడే. జెల్ ప్యాకెట్‌ని చిన్నపిల్లాడు చాక్లెట్ చప్పరించినట్టు చప్పరిస్తాడు. "వదినా, రెండు తెచ్చాను మీకు. నలభై నిమిషాలకోటి. తోడు మంచినీళ్లే, గుర్తుంది కదా? ఆ తియ్యటి రంగునీళ్లు వద్దు" అన్నాడు. ఆవిడ బుద్ధిగా రెండూ నడుముపట్టీలో పెట్టుకుంది.

పరుగు మొదలైంది. కొత్త బూట్లు బాగానే ఉన్నాయి. కొత్త బనీను కుట్టు చంక కింద ఒరుసుకుని మండుతోంది. సరే, అసలు రోజు పాతదే వేసుకుంటాననుకుంది. ఇలాంటివి తెలుసుకోవడానికేగా వచ్చింది. నలభయ్యో నిమిషానికి చెయ్యి పట్టీ మీదికి వెళ్లింది. ప్యాకెట్ మెత్తగా, వెచ్చగా తగిలింది. డోకొచ్చింది. చెయ్యి తీసేసింది. కాళ్లు హుషారుగా ఉన్నాయి, ఊపిరి చక్కగా ఆడుతోంది. బాగా సాగుతున్నదాన్ని చెడగొట్టుకోవడమెందుకు, తర్వాత చూద్దాంలే అనుకుంది. రెండోసారి చెయ్యి అసలు వెళ్లనే లేదు.

గంటా యాభై నాలుగు నిమిషాలకి గీత దాటింది. మరిది ఎగిరి గంతేశాడు.

"వదినా, నాలుగు గంటల మారథాన్ మీది! లెక్క ఖాయం!"

గుంపంతా చుట్టూ చేరి చప్పట్లు కొట్టింది. సూదమ్మ నవ్వింది. నవ్వుతూనే నడుముపట్టీని కిందికి లాక్కుని బనీను కప్పుకుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగితే ఎవరికీ కనపడదా? మాస్టారు పట్టీ వంకే చూస్తున్నాడు.

"చూపించు తల్లీ."

రెండు ప్యాకెట్లూ కొత్త పెళ్లికూతుళ్లలా చెక్కు చెదరకుండా ఉన్నాయి.

"కాళ్లకి మార్కులు వేశాను, ఫస్టుక్లాసు" అన్నాడు మాస్టారు. గొంతు పెంచలేదు. "కడుపు పరీక్షకే రాలేదు. హాఫ్‌కి ఒంట్లో దాచుకున్నది సరిపోతుంది. మారథాన్‌కి చాలదు. ముప్పై దాటాక ఖాళీ అవుతుంది, కిందటేడు అయినట్టే. ఈ టైము నమ్ముకుని అదే వేగంతో బయల్దేరావనుకో, ఇంకా ముందే అవుతుంది. నిన్ను బస్సెక్కించేది ఈ టైమే."

ఆవిడకి తన మీద తనకే అసహ్యమేసింది. జెల్ మీద కంటే ఎక్కువ. ఎవరిని మోసం చేసింది? ల్యాబ్‌లో ఎవరైనా ఖాళీ కడుపుతో రమ్మంటే తినొచ్చి, తినలేదని బొంకితే ఎంత చిరాకుపడుతుంది! తప్పుడు శాంపిల్‌కి తప్పుడు రిపోర్టే వస్తుందని ఎందరికి చెప్పలేదు! ఇవాళ తనే తప్పుడు శాంపిల్ ఇచ్చి, మంచి రిపోర్టొచ్చిందని పళ్లికిలిస్తోంది. ఛీ.

"ఇప్పుడేం చెయ్యను మాస్టారూ?"

"మళ్లీ ఇంత వేగంగా పరుగెత్తకు, నాలుగు వారాల్లో కోలుకోవాలి. రాబోయే రెండు ఆదివారాల పొడుగు పరుగుల్లో అలవాటు చేసుకో. వద్దనిపిస్తే ఇంకో రకం చూద్దాం."

"ఆదివారం దాకా ఎందుకు? ఒళ్లింకా వేడిగానే ఉంది, ఇప్పుడే మింగి కాస్త దూరం పరుగెడతాను."

మాస్టారు ముగింపు గీత పక్కనున్న చెరువుగట్టు వైపు చెయ్యి చూపించాడు. "మెల్లగా మాత్రమే. మాట్లాడుతూ పరుగెత్తేంత మెల్లగా."

మరిది నీళ్ల సీసా పట్టుకుని పక్కన కదిలాడు. పరుగు ముగించిన జనం అరటిపళ్లు తింటూ, మెడల్స్‌తో ఫొటోలు దిగుతూ ఉన్నారు. వాళ్ల మధ్యలోంచే సూదమ్మ ప్యాకెట్ చింపింది. ముందు వాసన తగిలింది. దగ్గుమందులో ముంచిన స్ట్రాబెర్రీలా ఉంది. సగం నోట్లోకి పిండుకుంది. నాలుక బయటికి తోసింది, కళ్లలో నీళ్లొచ్చాయి. వంగిపోయింది. పక్కనే ఫొటో దిగుతున్న జంట చటుక్కున రెండడుగులు జరిగారు. అలా దూరం జరగడం, కిందటేడు బస్సులో చూసిందే.

"వదినా, ఉమ్మేయండి. పర్లేదు."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. మంచినీళ్లు ఒక్క గుక్క. ఆగింది. ఇంకో గుక్క. ముద్ద దిగింది. మిగతా సగమూ పిండుకుంది. దాన్నీ నీళ్లతో తోసింది. ఏ మాత్రం బాగాలేదు. చేతులు జిగట, పళ్లు జిగట, పెదాలు అంటుకుపోతున్నాయి. మెల్లగా పరుగెత్తుతూ గట్టు సగం వెళ్లేదాకా కడుపు గుడగుడలాడింది. ఒకసారి పుల్లగా గొంతుదాకా వచ్చింది. నిలబడి, ముక్కుతో ఊపిరి పీల్చి, వెనక్కి మింగింది. అంత రోత పని ల్యాబ్‌లో కూడా ఎప్పుడూ చెయ్యలేదు.

గట్టు చివరికొచ్చేసరికి కడుపు సర్దుకుంది. వాంతి కాలేదు. మరిది సంబరంగా ముఖం చూశాడు.

"అలవాటైందా వదినా?"

"అలవాటా? ఛీ, పాడు. దీనికంటే మా కఫం డబ్బాలే నయం" అంటూ సూదమ్మ బనీనుతో నోరు తుడుచుకుని, జిగురంటిన చెయ్యి నడుముపట్టీలోకి పోనిచ్చి, రెండో ప్యాకెట్ బయటికి తీసింది.