పశువుల్లో గొర్రెలు చేరిన సంగతి

ధర్మవరంలో ఒక వకీలు గారి దగ్గర హనుమంతప్ప, నేను పదకొండేళ్లు గుమాస్తాలుగా పనిచేశాం. హనుమంతప్ప చిత్తు రాసేవాడు, నేను దానికి శుభ్రమైన నకలు రాసేవాణ్ణి. బత్తలపల్లె దగ్గర ఒక పల్లె ఆయనది. కురుబవాళ్లు. ఇంట్లో బడికి పోయిన మొదటివాడు ఆయనే. నల్లకంబళి కప్పుకుని కోర్టుకు వస్తే బిళ్ల జవాను లోపలికి రానిచ్చేవాడు కాదు. ఆ జవానుకే అర్జీ రాసిపెట్టి పంపిన మనిషి. ఎవరికి ఏం రాసిచ్చినా తన సొంత పనిలాగే చూసుకునేవాడు. ఆ మంచితనమే ఆయన కొంప ముంచింది.

యాభై తొమ్మిదిలో వాళ్ల ఊళ్లో బీడు మేపుకునే సహకార సంఘం పెట్టారు. నూట నలభై ఎకరాల బీడు, ఒక బావి, దాని పక్కన నీళ్ల తొట్టి, గడ్డివామి. నిబంధనలు రాసే పని హనుమంతప్పకు వచ్చింది. శాఖవాళ్లిచ్చిన నమూనాలో మొదట్లోనే ఇలా ఉంది: "పశువు అనగా ఆవు, ఎద్దు, ఎనుము." ఎనుము అంటే గేదె.

"ఈ 'అనగా' పెడితే తలుపు మూసినట్టేనప్పా. పేరు రాసిన మూడు తప్ప ఇంకొకటి లోపలికి రాదు. మా మామ గొర్రెలు బావికాడ నోరెళ్లబెట్టుకుని నిలబడాల్సిందేనా?" అన్నాడు నాతో.

మామ అంటే తిప్పయ్య. హనుమంతప్ప అమ్మకు స్వయానా తమ్ముడు. చిన్నప్పుడు నాయన పోతే ఇతన్ని బడిలో వేసి, పలకా బలపం కొనిచ్చినవాడు. ఆయనకున్న ఆస్తి అరవై రెండు గొర్రెలు, అంతే. మా వైపు పశువు అంటే ఆవూ ఎద్దూ ఎనుమే. గొర్రెల్నీ మేకల్నీ జీవాలంటారు. ఆ మాట ఎవరి నోట్లోనైనా అంతే కాబట్టి, గొర్రెలకు నీళ్లు దొరకాలంటే రాతలో చేర్చి తీరాలి. హనుమంతప్ప "అనగా" కొట్టేసి, "పశువులలో గొర్రెలు, మేకలు కూడా చేరును" అని రాశాడు. పశువు అనే మాటకు మామూలుగా ఉన్న అర్థం పోకుండా, దానికి తోడు ఈ రెండూ లోపలికి వచ్చాయి. ఆరో నిబంధనలో సభ్యుల పశువులకు తొట్టినీళ్లు, గడ్డి ఇవ్వవలెనని ఉంది. అక్కడ పెట్టి చదువుకున్నాడు. చక్కగా కుదిరింది. సంతోషపడ్డాడు.

నకలు రాస్తూ తొమ్మిదో నిబంధన దగ్గర నాకు నవ్వొచ్చింది. "పశువు కొమ్ములకు సంఘపు రంగు పూయవలెను" అని ఉంది. "ఏమప్పా, మీ మామ ఆడగొర్రెలకు కొమ్ములు యాడుండాయి?" అన్నాను. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వి ఊరుకున్నాం. ఆ మాట ఒకచోట కుదరలేదంటే ఇంకోచోట కూడా కుదరకపోవచ్చని, మొదటి నుంచి చివరిదాకా వాక్యం వాక్యంలో పెట్టి చూడాలని ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అరవై అయిదులో వాన మొహం చాటేసింది. ఒకరోజు పొద్దున్నే తిప్పయ్య ఆఫీసు గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాడు.

"హనుమంతా, బీడులోకి తోలనీలేదప్పా. ఐదు గొర్రెలు తోలుకో, మిగతావి తీసకపో అంటాండాడు గోవిందప్ప."

గోవిందప్ప సంఘం అధ్యక్షుడు. దుర్మార్గుడేం కాదు, పది ఎనుముల ఆసామి. తన ఎనుముల్లో సగాన్ని కూడా బయటే కట్టేసుకున్నాడు. హనుమంతప్ప పుస్తకం తీసి పద్నాలుగో నిబంధన చదివాడు. "కరువుకాలమున సభ్యుడొక్కరు ఐదు పశువులకు మించి బీడులోనికి తోలరాదు." నమూనాలో ఉన్నది ఉన్నట్టే ఉంది. ఎనుములకైతే ఐదు న్యాయమే. కానీ గొర్రె కూడా పశువే అయిపోయింది కదా, ఈయన చేత్తోనే. నీళ్ల కోసం లోపలికి తెచ్చిన మాటే మేత దగ్గర బయటికి నెట్టింది.

మరుసటి రోజు మేమిద్దరం గోవిందప్ప దగ్గరికి పోయాం. "నువ్వు రాసిందే కదప్పా! నేను ఇతనికి వదిలితే ఊరంతా తోలుకొస్తారు, నేనేం జవాబు చెప్పల్ల?" అన్నాడు. 'సందర్భం వేరుగా ఉంటే తప్ప' అని నిర్వచనాల ముందు ఒక ముక్క ఉంటే, మేత దగ్గర గొర్రె పశువు కాదని వాదించడానికి గట్టి పట్టు ఉండేది. అదీ లేదు. అయినా అనంతపురంలో పై అధికారికి అర్జీ వేద్దామన్నారు వకీలు గారు. విచారణకు మూడు వారాల తర్వాత తేదీ పడింది.

గొర్రెలకు తేదీలు తెలియవు. తిప్పయ్య మంద తోలుకుని చిలమత్తూరు మీదుగా కన్నడ సీమకు బయలుదేరాడు. నెల దాటాక కంబళి, కర్ర పట్టుకుని ఒక్కడే తిరిగొచ్చాడు. దోవలో నీళ్లు లేక రోజుకు నాలుగు, ఐదు పడిపోయాయట. మూడు రోజులు ఆఫీసుకు రాలేదు హనుమంతప్ప. వచ్చాక నాతో, "నేనే చంపినానప్పా. గడ్డి లేక కాదు, చూసుకోక" అన్నాడు.

నిబంధనలు సవరించాలంటే సర్వసభ్య సమావేశం పెట్టాలి. అరవై ఆరు మొదట్లో బావి దగ్గరే కూర్చున్నారు జనం. హనుమంతప్ప కొత్త చిత్తు తెచ్చాడు. "పశువు అనగా ఆవు, ఎద్దు, ఎనుము, వాటి దూడలు. జీవము అనగా గొర్రె, మేక, వాటి పిల్లలు." రెంటికీ తలుపు మూశాడు, రెండు వేరు వేరు గదులు చేశాడు. నీళ్ల నిబంధనలో రెండు మాటలూ పెట్టాడు. కొమ్ముల నిబంధన పశువులకే వదిలాడు. కరువుకాలపు మేతకు సభ్యుడొక్కరికి ఐదు పశువులు, లేక డెబ్బై జీవాలు అన్నాడు. ఇక ఒక్కో వాక్యాన్నీ, నిర్వచించిన మాట తీసేసి దాని అర్థాన్నే అక్కడ పెట్టి, పైకి చదవడం మొదలుపెట్టాడు. జనం విసుక్కున్నారు. ఆయన వదల్లేదు.

ఓటు నిబంధన దగ్గర చదవడం ఆపాడు. "సభ్యుడు అనగా పశువులు గాని జీవములు గాని గల గ్రామస్థుడు" అని ఉంది; పాత పుస్తకంలోని వాక్యమే, జీవములు మాత్రం ఇప్పుడు చేర్చాడు. దాన్ని ఓటు వాక్యంలో పెట్టి చదివేసరికి, ఒక్క జీవమూ మిగలని తిప్పయ్య ఎదురుగా కనిపించాడు.

"ఏమప్పా నిలిచిపోయినావు? నేను లెయ్యల్లనా ఈడనుంచి?" అన్నాడు తిప్పయ్య.

"కూర్చో మామా." కలం తీసి, కిందనే "పోగొట్టుకున్నవాడును చేరును" అని రాయబోయి ఆగాడు. అనగాతో మూసిన వాక్యానికి చేరునుతో కంత పెడితే ఏది హద్దో రేపు ఎవరికీ తెలియదు. అందుకని ఆ వాక్యంలోనే "గల, లేక కరువులో వాటిని పోగొట్టుకున్న గ్రామస్థుడు" అని దిద్దాడు. మళ్లీ ఓటు దగ్గర చదివాడు, నీళ్ల దగ్గర చదివాడు, మేత దగ్గర చదివాడు. అన్నిచోట్లా కుదిరింది. అందరూ చేతులెత్తారు. గోవిందప్ప ముందే ఎత్తాడు.

తిప్పయ్య కూడా చెయ్యెత్తి, దించకుండానే అడిగాడు. "ఇప్పుడు రాత సరిగ్గా ఉండాదా, హనుమంతా?"

"ఉండాది మామా."

"నేను డెబ్బై జీవాలు తోలొచ్చునా?"

"తోలొచ్చు మామా."

"యాడుండాయి నాయనా?"

హనుమంతప్ప కళ్లనీళ్లు ఆ కాగితం మీదే పడి సిరా పాకింది. ఆ సాయంత్రం నేను దాని నకలు మళ్లీ మొదటి నుంచి రాశాను.