పద్నాలుగో లాటు, నూటికి నూరు

నలభై నిమిషాల్లో లెక్క తేలిపోయింది. తేలిపోయిందనుకున్నాను. అదీ నా ఖర్మ.

కోలారులో ఒక శిక్షణ సంస్థ హాలు. క్వాలిటీ మేనేజరు పరీక్షకు కూర్చున్న పద్దెనిమిది మందిలో నేనొకదాన్ని. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి నా వైపు రావడం లేదు. పోయిన ఏడాది ఇదే హాల్లో తప్పాను. మా ఓనరు ఈసారి ముందే చెప్పేశాడు: "ఇంగ ఇదే చివరిది చూడమ్మా. పాసైతే ఆ కుర్చీ నీది. లేదంటే బెంగుళూరు నుంచి మనిషిని తెచ్చుకుంటాను." ఆ కుర్చీ పనంతా తొమ్మిదేళ్ళుగా చేస్తున్నది నేనే. పేరు మాత్రం అసిస్టెంటు. గొడ్డు చాకిరీకి పరీక్ష అక్కర్లేదు, కుర్చీకి కావాలి.

మాది కోలారుకూ బంగారుపేటకూ మధ్య ఉన్న రాగిమాల్టు ఫ్యాక్టరీ. ఒకే మర, ఒకే జల్లెడ, సరుకులు రెండు. పాలపొడి కలిపిన మాల్టు ఒకటి, రాగులూ బెల్లమూ తప్ప ఏమీ లేని సాదా మాల్టు ఇంకొకటి. ఊరిగాంలో పొద్దున్నే రైలెక్కి, బంగారుపేటలో దిగి బస్సు పట్టుకుని వెళ్ళేదాన్ని.

పరీక్షలో ఇచ్చిన కథ కూడా అచ్చం మా ఫ్యాక్టరీ లాంటిదే. కాగితాల కట్ట ఒకటి చేతిలో పెట్టారు. పాలు పడని పిల్లవాడొకడు సాదా మాల్టు తాగి ఒళ్ళంతా దద్దుర్లొచ్చి ఆస్పత్రిలో చేరాడు. ప్యాకెట్టు మీద పాల మాటే లేదు. పరీక్ష చేయిస్తే పాలున్నాయని తేలింది. ప్యాకెట్టు పద్నాలుగో లాటుది. మూడు గంటల్లో ఆ లాటు ఎక్కడినుంచి వచ్చిందో, ఎక్కడెక్కడికి పోయిందో తేల్చి, ఏమేం వెనక్కి పిలవాలో రాయాలి. అంతా ఉత్తుత్తి రీకాల్. పిల్లవాడు కూడా ఉత్తుత్తివాడే. నా కుర్చీ మాత్రం నిజం.

నాకు చేతకాని పనేం కాదది. ముందు వెనక్కి వెళ్ళాను. పద్నాలుగో లాటుకు ఇచ్చినవి ఎనిమిది వందల కిలోల రాగిపిండి, రెండు వందల కిలోల బెల్లం పొడి. ఏ రైతు సంఘం రాగులో, ఏ వ్యాపారి బెల్లమో రసీదులతో సహా దొరికాయి. ఈ లాటు కోసం పాలపొడి స్టోరు దాటి రాలేదు. తర్వాత ముందుకు వెళ్ళాను. ప్యాకెట్లుగా తొమ్మిది వందల తొంభై కిలోలు, జల్లెడ తౌడు పది కిలోలు. మొత్తం వెయ్యి. అట్టపెట్టెలు తొంభై తొమ్మిది. ఒక పంపిణీదారుకు అరవై, ఇంకొకరికి ముప్పై, గోదాములో తొమ్మిది. వెయ్యి లోపలికి, వెయ్యి బయటికి. నూటికి నూరు.

"పద్నాలుగో లాటు మొత్తం వెనక్కి. గోదాములోని తొమ్మిది పెట్టెలకు వెంటనే ఎర్ర ట్యాగు. పంపిణీదారులిద్దరికీ ఫోను, ఆపైన ఉత్తరం. ఇరవై నాలుగు గంటల్లో ఆహార భద్రత అధికారికి సమాచారం" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పెన్ను కింద పెట్టాను. పక్క కుర్రాడు ఇంకా రసీదులు తిరగేస్తున్నాడు. నాకు లోపల చిన్న గర్వం. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నిజంగా గర్వమే.

తర్వాత గంటన్నర ఊరికే కూర్చుని, చేసే పని లేక కట్టలో మిగిలిన కాగితాలు చూశాను. పాలపొడి స్టోరు దాటకపోతే పాలెలా వచ్చాయి? ఆ ప్రశ్నకు నేను జవాబు రాయలేదని అప్పుడు గుర్తొచ్చింది. పదమూడూ పదిహేనూ పదహారూ లాటుల కాగితాలు ఊరికే, తికమక పెట్టడానికి ఇచ్చారనుకున్నాను. ఊరికే ఎవరిస్తారు?

మా నాన్న ఊరిగాం బంగారు గనిలో దీపాల గది గుమాస్తాగా చేశాడు. కిందికి దిగేవాడు ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకోవాలి. పైకొచ్చి దీపం తిరిగిస్తే బిళ్ళ చేతికొస్తుంది. కొక్కేనికి బిళ్ళ వేలాడుతోందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. గని మూసేసి ఎన్నేళ్ళయినా ఆ కథలు మానడు. ఓసారి అన్నం తింటూ చెప్పాడు: "ఒకడు మొదటి షిఫ్టుకు దిగినాడమ్మా. బదులు దిగాల్సినోడు రాలేదని రెండో షిఫ్టు కూడా కిందనే ఉండిపోయినాడు. మొదటి షిఫ్టులో ఒక దీపం తక్కువ, రెండో షిఫ్టులో ఒకటి ఎక్కువ. ఒక్క షిఫ్టు లెక్క చూస్తే ఏం తెలుస్తాది? ముందుదీ చూడాల, వెనకదీ చూడాల." నేను "సరేలే నాన్నా, చారు పోసుకో" అన్నాను. వినకుండా పెరిగినందుకు ఇప్పుడు చెమటలు పట్టాయి.

పదమూడో లాటు తీశాను. పాలు కలిపిన సరుకు. లోపలికి వెయ్యి. ప్యాకెట్లు తొమ్మిది వందల అరవై, తౌడు పది. ముప్పై కిలోలు లేవు. పదిహేనో లాటు తీశాను. సాదా సరుకు. లోపలికి వెయ్యి, బయటికి వెయ్యీ ముప్పై. లేని ముప్పై ఇక్కడ తేలింది. మధ్యలో నా పద్నాలుగు, నూటికి నూరుతో బుద్ధిగా కూర్చుని ఉంది. ముప్పై కిలోలు వచ్చి అందులో కలిశాయి, కలిసిన దాంట్లోంచి ముప్పై కిలోలు మిగిలి పదిహేనులోకి పోయాయి. వచ్చిందీ రాయలేదు, పోయిందీ రాయలేదు. అందుకే లెక్క అంత అందంగా కుదిరింది.

ఆ ముప్పై కిలోలు ఎక్కడుంటాయో నాకు బాగా తెలుసు. నీలం బకెట్లలో.

మా మర దగ్గర సుగటూరు నుంచి వచ్చే అక్క ఒకావిడ పనిచేసేది. నాకంటే పదేళ్ళు పెద్ద. లాటు అయ్యాక తొట్టిలో, జల్లెడలో మిగిలిన పిండిని చీపురుపుల్లతో దులిపి నీలం బకెట్లలో పోసి, మూతలు పెట్టి, తర్వాతి లాటు మొదట్లో కలిపేసేది. ఒకసారి అడిగితే, "మేము రాగులు పండించినోళ్ళమమ్మా. మంచి పిండి యాడ పారేసేది? పాపం తగల్దా?" అంది. నాకు నచ్చింది ఆ మాట. మా అమ్మ కూడా పిండి రాలితే ఎత్తి డబ్బాలో పోసేది. పైగా మంచి పిండే, నేల మీద పడింది కాదు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఆరునెలలకోసారి మా ఫ్యాక్టరీలో ఇలాంటి ఉత్తుత్తి రీకాలే, మాక్ రీకాల్ అంటారు, చేసి, ఏదో ఒక నడిమి లాటు ఎంచుకుని, నూటికి నూరు అని సంతకం పెట్టాను.

ముత్యాల అక్షరాలన్నీ కొట్టేశాను. పదమూడు వెనక్కి అక్కర్లేదు, దాని మీద పాలున్నాయని రాసే ఉంది. పద్నాలుగు, పదిహేను రెండూ వెనక్కి. పదిహేను తర్వాత మర పూర్తిగా కడిగినట్టు చీటీ ఉంది, పదహారులోకి ఏమీ పోలేదు, కాబట్టి అక్కడ ఆగాలి. పదిహేను తాలూకు నూట రెండు పెట్టెలు ఎవరికి పోయాయో వెతికేసరికి గంట కొట్టారు. చివరి రెండు వాక్యాలు కోడి గీసినట్టున్నాయి.

తర్వాత మౌఖిక పరీక్ష. బల్లకవతల ఇద్దరు. పెద్దాయన నా కొట్టివేతలు చూసి, "మొదట పద్నాలుగుతో ఆగినావే, ఏమి?" అన్నాడు.

"నూటికి నూరు వచ్చింది సార్."

"మరి మళ్ళీ ఎందుకు చూసినావు?"

"పాలెలా వచ్చాయో రాయలేదు సార్."

ఆయన కళ్ళజోడు తీశాడు. "మీ ఫ్యాక్టరీలో మిగిలిన పిండి యాడ రాస్తారమ్మా?"

అబద్ధం నాలుక చివరే ఉంది. రిజిస్టరుంది సార్ అంటే అయిపోతుంది, ఎవరూ వచ్చి చూడరు. కానీ ఆ ఉత్తుత్తి పిల్లవాడి దద్దుర్లు నన్ను వదల్లేదు. "రాయము సార్" అన్నాను. ఆయన ఏదో రాసుకున్నాడు. పో అన్నట్టు తలాడించాడు. కుర్చీ పోయిందనుకున్నాను.

బయటికొచ్చి బస్టాండులో నిలబడి అక్కకు ఫోను చేశాను.

"అక్కా, ఈ పొద్దు ఏం నడిచింది?"

"పొద్దున పాలది, ఆమీద మామూల్ది. ఏమమ్మా, పరీక్ష బాగా రాస్తివా?"

"పాలదాంట్లో మిగిలింది ఏం చేసినావు?"

"ఏం చేస్తాను, ఎప్పుడూ చేసేదే. బకెట్లలో ఉండేది మామూల్దాంట్లో పోసినాను."

"ఆ సరుకు యాడుంది?"

"లారీకి ఎక్కిస్తా ఉండారు."

"ఆపమను. దించమను."

"ఎవరు చెప్పినారని అడుగుతారు కదమ్మా."

మేనేజరని చెప్పడానికి నేను మేనేజర్ని కాను. "నేను చెప్పినానని చెప్పు" అన్నాను.

బస్సు బంగారుపేట చేరేలోపే ఓనరు ఫోను. "పరీక్షలో కథ విని నా లారీ ఆపుతావా? మాక్ అంటే మాక్ అమ్మా! నీకేం అధికారం ఉందని?" చెవి వాచిపోయింది. నాకూ కోపం ఆగలేదు. "ప్యాకెట్టు ల్యాబుకు పంపండి సార్. పాలు లేవని వస్తే రేపటినుంచి రాను" అన్నాను.

వారానికి రిపోర్టు వచ్చింది. పాలున్నాయి. లారీ సరుకు ఆగింది సరే, అంతకుముందు పోయినవాటి మాటేమిటి? పాత బకెట్ల లెక్క ఏ కాగితంలోనూ లేదు. ఎక్కడ తెగిందో తెలియని గొలుసును ఎక్కడని ఆపుతాం? మర చివరిసారి పూర్తిగా కడిగిన చీటీ దొరికేదాకా వెనక్కి వెళ్ళి, దాని తర్వాతి సాదా లాటులన్నిటినీ పిలిపించాం. ముప్పై కిలోలు రాసుకుని ఉంటే రెండు లాటులతో పోయేది. అక్క నాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు. పిండి పారేసేదానికి చదువుకున్నదాన్నని అందట. ఆమె మీద నాకు కోపం రాలేదు, నా మీదే వచ్చింది.

ఆ నెలాఖరుకు ఫలితాలొచ్చాయి. పాసయ్యాను. ఓనరు చూసి, "మంచిదమ్మా" అన్నాడు. పైవారం బెంగుళూరు నుంచి కొత్త మేనేజరు దిగాడు.

నెమ్మదస్తుడే. మొదటిరోజే పాత మాక్ రీకాల్ ఫైళ్ళన్నీ తెమ్మన్నాడు. తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆ కుర్చీలో కూర్చుని ఒక్కో పేజీ తిప్పాడు. అన్నిట్లోనూ నూటికి నూరు.

"ఈ సంతకాలు ఎవరివమ్మా?" అన్నాడు.

"నావే సార్" అన్నాను.