నా ఫిర్యాదుకు నేనే రాసిన జవాబు

మా దిక్కు ఆటోలు రావు. బాంద్రా, సయన్ దాటి ఇటు వాటికి అనుమతి లేదు. కామాఠిపురాలో కాలు కదపలేనివాళ్ళకు దిక్కు నలుపూ పసుపూ టాక్సీలే. అంటే మమ్మల్ని కాదనే అధికారం మొత్తం ఒక్క కులానికే రాసిచ్చినట్టు లెక్క. టాక్సీవాడు కిటికీలోంచి ముఖం బయట పెట్టి, మనం చెప్పిన చోటు పేరు విని, పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చనివాడిలా తల అడ్డంగా ఊపుతాడు. గ్యాస్ నింపించుకోవాలంటాడు, షిఫ్టు మారే టైమంటాడు, అటు ట్రాఫిక్కంటాడు. అసలు కారణం ఒకటే. మనం పోయేది దగ్గర.

నాకు నాగ్‌పాడాలో జిరాక్స్ దుకాణం ఉంది. మరాఠీలో అర్జీలు టైపు చేస్తాను. ఒంటిగదుల వరస ఇళ్ళ మా చాల్‌లో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే వస్తుంది. కరెంటు బిల్లు మొదలు కోర్టు సమన్ల దాకా చదివిపెడతాను, జవాబు రాసిపెడతాను. అందుకు నాకు చాయ్ దొరుకుతుంది, దాంతోపాటు కొంచెం పొగరు కూడా దొరికింది. ఆ పొగరు సంగతే ఇప్పుడు చెబుతున్నాను.

మా అమ్మకు షుగర్. ఎడమ పాదం మీద పుండు పడి మానలేదు. సోమవారం, గురువారం ఆసుపత్రికి తీసుకుపోయి కట్టు మార్పించాలి. డాక్టరు ఒకటే మాట చెప్పాడు: ఆ పాదం మీద బరువు పెడితే వేళ్ళు తీసేయాల్సి వస్తుంది. ఆసుపత్రి దగ్గరే. మామూలు మనిషి పావుగంటలో నడుస్తాడు. అమ్మకు మాత్రం టాక్సీ తప్ప గతి లేదు, టాక్సీవాళ్ళకు అమ్మ అక్కర్లేదు.

ఆ నెలలోనే రేట్లు పెరిగాయి. మీటర్లు కొత్త రేటుకు మార్పించేదాకా డ్రైవర్లు పాత మీటరు చూసి, పక్కన అచ్చేసిన రేట్ల కార్డు చూసి, కొత్త కిరాయి చెప్పాలి. ఒక గురువారం పొద్దున పదిగంటలకు ఒకాయన మమ్మల్ని దించి, కార్డు మీద వేలు పెట్టి చదివాడు. వేలు ఎక్కడుందో చూశాను. అర్ధరాత్రి దాటాక వర్తించే గడిలో ఉంది.

"మీకు ఇంకా తెల్లారలేదా భాయ్?" అని హిందీలో అడిగి, నా ఫోన్‌లో ఉన్న అసలు కార్డు తీసి ముందు పెట్టాను. ఆయన వేలు పక్క గడికి జరిపాడు. అమ్మ మాత్రం, "ఎందుకురా గిన్ని లొల్లులు? దించిండు గద," అంది. ఆమె మాట నేను ఎన్నడు విన్నాను గనక! ఆ రోజంతా నా నడకే మారిపోయింది.

మరుసటి సోమవారం గల్లీ మొదట్లో నిలబడ్డాం. అమ్మ చేతిలో కర్ర, పాదానికి ప్లాస్టిక్ సంచి. ఒక టాక్సీ ఖాళీగా, మీటరు మీద కిరాయికి సిద్ధం అని చూపిస్తూ వచ్చి ఆగింది. కొత్త ముఖం. ఆసుపత్రి పేరు చెప్పాను.

"ఉధర్ నహీ జాయేగా. గ్యాస్ భర్నా హై."

సరే, గ్యాస్ అయిపోతే బండి ఎట్లా పోతుంది అనుకున్నాను. ఇరవై అడుగులు ముందుకు పోయి, రెండు సూట్‌కేసులు పట్టుకుని ఎయిర్‌పోర్టు అంటున్న ఒక జంటను ఎక్కించుకున్నాడు. గ్యాస్ ఆ సూట్‌కేసుల్లో ఉంది కాబోలు.

ఇంకో నలభై నిమిషాలు నిలబడ్డాం. ఏడుగురు తల ఊపారు. ఎనిమిదోవాడు ఎక్కించుకునేసరికి అమ్మ కట్టులోంచి నెత్తురు సంచిలోకి దిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ ఆ కోపం తప్పని అనను.

ఆ మొదటి టాక్సీ నంబరు ప్లేటు ఫోటో తీసి ఉంచాను. ఆసుపత్రి బెంచీ మీద కూర్చునే ఆర్టీఓ వాట్సాప్ నంబరుకు ఫిర్యాదు పంపాను. బండి నంబరు, చోటు, సమయం, ఫోటో, అన్నీ పద్ధతి ప్రకారం పెట్టాను. ఖాళీగా ఉన్న టాక్సీ, పోయే చోటు దగ్గరని కిరాయి కాదనకూడదు, అది నేరం. ఇంతవరకు రాసి ఆపితే సరిపోయేది. రాసేవాడి చెయ్యి ఊరుకోదు కదా. "ఇలాంటి డ్రైవర్లను పెంచి పోషిస్తూ, ఇంట్లో కాలు మీద కాలు వేసుకుని తినే యజమానులకు కూడా బుద్ధి చెప్పాలి" అని ఒక వాక్యం తగిలించాను. మరాఠీలో అది మరీ బాగా వచ్చింది. రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను.

మూడు వారాలకు ఒక సాయంత్రం, మా వరుసలోనే రెండు గదుల అవతల ఉండే అత్తమ్మ ఒక కవరు పట్టుకుని వచ్చింది. చుట్టరికం లేదు, పిలుపే. వాళ్ళ మామ బిల్డింగు పనికి పాలమూరు నుంచి వచ్చినవాడు, వాళ్ళాయన టాక్సీ నడిపేవాడు. ఆయన పోయాక పర్మిట్ ఆమె పేరు మీదికి వచ్చింది. బండి ఒక డ్రైవరుకు రోజు కిరాయికి ఇచ్చి, ఆ డబ్బుతో బతుకుతుంది. అమ్మకు ఆమె తోడు. పొద్దున ఇద్దరూ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఊళ్ళో ఉన్నవాళ్ళ మీద, పోయినవాళ్ళ మీద తీర్పులు చెబుతుంటారు.

"గీ కాగితం జూడు బిడ్డా. డ్రైవర్‌కిస్తె నాకు తెల్వదన్నడు. సర్కారుది లెక్కుంది."

చదివాను. షోకాజ్ నోటీసు. ఫలానా తేదీన ఫలానా చోట మీ టాక్సీ ప్రయాణికుణ్ణి ఎక్కించుకోవడానికి నిరాకరించింది, పర్మిట్ ఎందుకు సస్పెండ్ చేయకూడదో జవాబు రాసి, డ్రైవరుతో సహా హాజరు కావాలి. చోటు మా గల్లీ మొదలు. సోమవారం, పొద్దున. కింద నంబరు.

నేను ఫిర్యాదులో పంపిన నంబరే. ప్రతి దసరాకు ఆ బండికి బంతిపూలు కట్టి, గుమ్మడికాయ కొట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించేది నేనే. మంత్రాలు రానివాణ్ణి కాబట్టి గట్టిగా గంట కొట్టేది కూడా నేనే. పదేళ్ళుగా బొట్టు పెడుతున్న ఆ ప్లేటు మీద నంబరేమిటో ఒక్కసారీ చదవలేదు. లోకంలో ఉన్న కాగితాలన్నీ చదివేవాణ్ణి! డ్రైవరేమో నెల కింద పెట్టుకున్న కొత్తవాడు. బండిని అవతలి గల్లీలో ఆపుతాడట.

"ఏం రాసిన్రు బిడ్డా?"

"డ్రైవరు ఎవరినో ఎక్కించుకోలేదంట అత్తమ్మా."

"గదేనా! వీళ్ళు ఎవ్వర్ని ఎక్కించుకుంటరు గనక. మా ఆయన గూడ గంతే. ఎవడు రాసిండో వాని చేతులు పడిపోను. పర్మిట్ బోతే నేనేం దినాలె?"

నా చేతులు టేబుల్ కిందికి పెట్టుకున్నాను. అమ్మ మంచం మీదినుంచి నన్ను చూసింది. ఆమెకు ఎప్పుడో అర్థమైపోయింది.

జవాబు రాశాను. నా పనితనం చూసుకుని నాకే భయమేసింది. అత్తమ్మ నిరుపేద విధవ అని, చదువు రాదని, డ్రైవరు తప్పుకు ఆమె బాధ్యురాలు కాదని, ఫిర్యాదుదారు "ఆవేశంలో అతిశయోక్తులు వాడి ఉండవచ్చని" రాశాను. ఫిర్యాదుదారు గురించి అంత కచ్చితంగా ఇంకెవరు రాయగలరు! ఆమె వేలిముద్ర వేసి, నాకు కారం బూందీ పొట్లం ఇచ్చిపోయింది. అది నేను తినలేదు. తినలేదంటే, ఆ పూట తినలేదు.

ఇంతలో నాకూ ఒక మెసేజి వచ్చింది. ఫిర్యాదుదారుగా అదే రోజు, అదే సమయానికి రుజువుతో రమ్మని. పోకుంటే కేసు పలచబడుతుందని లెక్క వేశాను. అత్తమ్మ పర్మిట్ దక్కుతుంది, నా పరువు దక్కుతుంది. మరి అమ్మ పాదం సంగతి? దానికి జవాబు ఏ కాగితంలోనూ రాసుకోలేదు.

విచారణ రోజున అత్తమ్మకు కాగితాలు చదివిపెట్టేవాణ్ణిగా ఆర్టీఓకి పోయాను. ముగ్గురం నిలబడ్డాం: ఆమె, ఖాకీ చొక్కా కొత్తగా ఇస్త్రీ చేయించుకున్న డ్రైవరు, నేను. డ్రైవరు నన్ను గుర్తు పట్టలేదు. రోజుకు యాభైమందికి తల ఊపేవాడికి ఎన్ని ముఖాలని గుర్తుంటాయి? ప్రయాణికుడే లేడని, అసలు ఆ పొద్దున అటు రాలేదని ఒట్టు పెట్టుకున్నాడు.

అధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. "ఫిర్యాదుదారు రాలేదా?" అన్నాడు మరాఠీలో. ఆయన ఫిర్యాదులో ఉన్న నంబరు చూసి, టేబుల్ మీది ఫోన్ తీసి నొక్కాడు.

నా జేబులో గణపతి హారతి మోగింది.

ఆపుదామని తడుముకుంటే ఇంకా గట్టిగా మోగింది. అధికారి ఫోను పెట్టేసి నన్ను చూసి, "మీరు ఎవరి తరఫున?" అన్నాడు. ఇన్నేళ్ళలో నాకు మరాఠీ రాకుండా పోయింది ఆ ఒక్క క్షణమే.

అత్తమ్మ నా వైపు తిరిగింది. "నువ్వా?"

"అమ్మను ఎక్కించుకోలే అత్తమ్మా. కాలు నుంచి నెత్తురు కారుతుంటే నలభై నిమిషాలు నిలబెట్టిండ్రు. నీ బండని తెల్వదు."

ఆమె డ్రైవరును చూసింది, అధికారిని చూసింది. వచ్చీ రాని మరాఠీలో, నాకు బాగా అర్థమయ్యే తెలుగు యాసలో చెప్పింది: ఈ డ్రైవరు అబద్ధమాడుతున్నాడు, నా బండి ఈ పిల్లగాని తల్లిని ఎక్కించుకోలేదు, ఆమె నాకు దోస్తు, ఆమె కాలు నేను రోజూ చూస్తున్నాను.

పర్మిట్ పదిహేను రోజులు సస్పెండ్ చేశారు. డ్రైవరు లైసెన్సు బ్యాడ్జి మీద వేరే చర్య. అధికారిని తప్పు పట్టడానికేమీ లేదు. నిబంధన నిబంధనే, దాన్ని అడిగి మరీ తెచ్చుకున్నది నేను. పదిహేను రోజులు ఆమె ఇంట్లో పొయ్యి మీదికి ఏం ఎక్కుతుందో ఏ నిబంధనలోనూ లేదు. ఆ రోజులకు మా ఇంట్లోంచే గిన్నె పంపుదామని అనుకున్నాను, ఆ మాట ఆమెతో అనడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

బయటికి వచ్చాం. ఎండ దంచుతోంది. ఆమె మోకాళ్ళు పట్టుకుని గేటు దగ్గర అరుగు మీద కూర్చుంది. చేయి అడ్డం పెట్టి ఒక టాక్సీ ఆపి, కామాఠిపురా అన్నాను.

కిటికీలోంచి ముఖం బయటికి వచ్చింది. తల అడ్డంగా ఊగింది. ఆర్టీఓ గేటు ముందే.

ఫోన్ తీశాను. ప్లేటు తెరమీదికి వచ్చింది. నా వేలు అక్కడే ఆగిపోయింది. ఈ నంబరు వెనక ఏ చాల్‌లో ఏ ముసలామె కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోందో నాకేం తెలుసు?

అత్తమ్మ అరుగు మీదినుంచే చూస్తోంది.

"ఏం, ఆగినవ్? బండి ఎవలదని ముందుగాల అడుగు," అంది. "అడిగినంక, ఎవలదైనా గూడ రాయి."