మాట పడిపోయినామె మాటలు

వికారాబాద్‌లో ఉంటూ ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి మనుషుల గురించి రాసేదాన్ని. తాండూరులో ఏళ్ల తరబడి బండలు పాలిష్ చేసిన ఒకామెతో మూడు గంటలు మాట్లాడి రికార్డు చేసుకున్నాను. ఆ మరుసటి వారమే ఆమెకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆసుపత్రి నుంచి కూతురు ఫోన్ చేసింది.

"అక్కా, మా అమ్మ గొంతు ఇగ మీ దగ్గరనే ఉన్నది."

శుక్రవారం మధ్యాహ్నానికల్లా వ్యాసం ఇవ్వాలి. రికార్డింగంతా పొల్లుపోకుండా టైపు చేసుకుని, దాన్నుంచి శుభ్రమైన వ్యాసం ఒకటి రాశాను. 'దుమ్ము వల్ల తన భర్త అనారోగ్యం పాలై మరణించారని ఆమె చెప్పారు' లాంటి వాక్యాలతో. ఫోన్లో కూతురికి చదివి వినిపించాను.

"గిది ఎవరో టీచరమ్మ మాట్లాడినట్టున్నది. మా అమ్మ కాదు."

భయమేసింది. రెండోసారి ఏదీ వదల్లేదు. ప్రతి 'ఇగ', ప్రతి 'ఏందంటే', ప్రతి తడబాటూ ఉంచేశాను. గురువారం పొద్దున్నే రైలెక్కి తాండూరు ఆసుపత్రికి వెళ్లి, ఆమె మంచం పక్కన కూర్చుని చదివాను. పక్క మంచం వాళ్లు నవ్వారు. ఆమె కళ్లు తిప్పుకుంది.

"నవ్వుటందుకా అక్కా గిది?" అంది కూతురు.

తల కొట్టేసినట్టయింది. ఏ మాట ఎందుకన్నావమ్మా అని ఆమెను అడిగే దారే లేదు. స్టేషన్లో బెంచీ మీద కాగితాలు పరుచుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ మొదట్నుంచీ విన్నాను. రెండు రైళ్లు వదిలేశాను. అప్పటికి గాని తెలియలేదు. 'ఏందంటే' అనేది ఊపిరి తీసుకోవడానికి. దాన్ని తీసేసినా ఆమె ఆమెలాగే ఉంటుంది. 'గంతే ఇగ' అలా కాదు. భర్త సంగతి దగ్గరికొచ్చినప్పుడే ఆ మాట అని ఆగిపోయేది. మొదటి వ్యాసంలో నేను ఆమె ఆగిన ఆ చోటును 'దుమ్ము వల్ల'తో అతికేశాను. పైగా ఆయన చావును వ్యాసం మొదట్లోకి తెచ్చాను. ఆమె మాత్రం పని గురించి చెబుతూ చెబుతూనే ఆ సంగతికి వచ్చింది.

"బండ మీద నీళ్లు పోస్తం. పోస్తం, రుద్దుతం. పోస్తం, రుద్దుతం. మా ఆయన దగ్గేటోడు. గంతే ఇగ."

ఆ వరసను ముట్టుకోలేదు. నా మాటలు చుట్టూ పొట్టిగా ఉంచి, శుక్రవారం పంపేశాను.

ఆదివారం అచ్చులో 'నీళ్లు పోసి రుద్దుతాం. మా ఆయన దగ్గేవాడు' అని వచ్చింది. పత్రిక డెస్క్‌కి ఫోన్ చేశాను.

"అన్న మాటే మళ్లీ మళ్లీ అన్నారు కదా మేడమ్, ఎడిట్ చేశాం," అన్నాడు సబ్ ఎడిటర్.

అచ్చయిన పత్రికను ఇంట్లోనే వదిలేసి నా రాతప్రతితో తాండూరు వెళ్లాను. చదువుతుంటే ఈసారి ఆమె నా వైపే చూసింది. ఆ నీళ్ల వాక్యాల దగ్గర ఆమె కళ్లు నిండిపోయాయి. నేను ఆయన్ని గుర్తుచేసినందుకో, తన మాట తనకు వినపడినందుకో నాకు తెలియదు.

"ఇంకొక్కసారి సదువుండ్రి అక్కా," అంది కూతురు.

చదివాను.