నాలుగు బస్తాల ఉల్లిపాయలు

ఆ మూడంతస్తుల భవనంలో ఆమెను అందరూ బస్తాల వదిన అని పిలిచేవారు. కింది భాగంలో రెండు గదులు, ముందు ఒక వసారా ఉన్న ఆమె ఇంట్లో మంచం కంటే బస్తాలకే ఎక్కువ మర్యాద దక్కుతుందని ఇరుగుపొరుగు వారు నవ్వుకునేవారు. టోకు బజారులో కందిపప్పు, పంచదార, ఉల్లిపాయలు బస్తాలుగా కొని, ఇంటివద్ద కిలో, అరకిలో చొప్పున అమ్మడం ఆమె వ్యాపారం. వీధి చివరి దుకాణం ధర ఆమెకు పై గీత. బస్తా ధర, ఆటో కిరాయి, ఎండి తగ్గే బరువు, కుళ్లి పారవేసేది కలిపితే కింది గీత. ఆ రెంటి మధ్య సందు ఎంత ఇరుకో తెలిసినది ఆమె ఒక్కతే. ఆ సందులోనే తూకానికి పైన ఒక చిన్న పాయ కూడా వేయవలసి వచ్చేది. వేయకపోతే మేడ మీది వారు మెట్లు దిగరు.

వర్షాలు మొదలైతే ధర పెరుగుతుందని విని, ఆ సారి ఆమె తన పెట్టుబడినంతా నాలుగు బస్తాల ఉల్లి మీద పెట్టింది. అది పోతే మళ్లీ పెట్టడానికి ఏమీ లేదు. పాత ప్యాకింగ్ కార్ఖానాలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి అట్టపెట్టెలు మడిచే కూలికి తిరిగి పోవలసిందే. ఆ పనిలో ఆమె మోకాళ్లు పడిన బాధ ఆమె ఎవరికీ చెప్పలేదు గానీ, మరచిపోనూ లేదు.

బస్తాలను వసారాలో ఇటుకల మీద, గోడకు తగలకుండా, గాలి ఆడేలా విడివిడిగా నిలబెట్టించి, చెల్లెలికి కాన్పు అయిందని కబురు వస్తే చూడబోయింది. ఆమె అటు వెళ్లగానే ఇటు జల్లు మొదలైంది. భర్త గోడలకు రంగులు వేసే పనివాడు. గదిలో ఏ సామాను కనిపించినా దానిపై ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులు బిగించిగానీ కుంచె ముట్టడు. అదే శ్రద్ధతో నాలుగు బస్తాలనూ ఒకచోటికి జరిపి, పట్టా కప్పి, చుట్టూ తాడు బిగించి, తన పనిని తానే మెచ్చుకొని నిద్రపోయాడు.

మూడవ నాడు ఆమె ఇంటి మెట్టెక్కకముందే వాసన ఎదురొచ్చింది. పట్టా లోపలి వైపు చెమట పట్టినట్లు నీటి బొట్లు వేలాడుతున్నాయి. బస్తా మూతి విప్పి చేయి దూర్చగా లోపల వెచ్చగా, జిగటగా తగిలింది.

"ఏమయ్యా, ఇవి ఉల్లిపాయలా, పొదుగుతున్న గుడ్లా?" అంది ఆమె.

"ఒక్క చుక్క కూడా తడవలేదే. చూడు, పట్టా ఎంత బాగా కట్టానో," అన్నాడు అతడు, ఇంకా అర్థం కాక.

"బయటి నీళ్లు రాలేదు నిజమే. లోపలి ఊపిరి బయటికి పోనిచ్చావా? అలమర కాదు కదా ఇది, రంగు పడుతుందని భయపడడానికి."

అతడు తాడు చుట్టుకుంటూ నేల చూశాడు. తిట్టడానికి ఆమెకు నోరు లేక కాదు, తీరిక లేక ఊరుకుంది. కుళ్లిన పాయ పక్క పాయనూ కుళ్లబెడుతుంది. తిట్లయితే రేపటికైనా చెడిపోవు.

గదిలో మంచం ఎత్తి నిలబెట్టి, పాత దుప్పట్లు పరచి, నాలుగు బస్తాలూ కుమ్మరించారు. ఉన్న ఫ్యాను తిప్పి, చాలక పక్క వాటాలో కుట్టుపని చేసే పిన్నిని అడిగి మరొకటి తెచ్చారు. ప్రతి పాయనూ మెడ దగ్గర బొటనవేలితో నొక్కి చూడడం ఆమె పద్ధతి. మెడ గట్టిగా ఉండి, పైపొర పొడిగా ఉన్నవి ఒక కుప్ప. పైపొర మాత్రమే జిగురెక్కి, లోపల గట్టిగా ఉన్నవి రెండవ కుప్ప. మెడ మెత్తబడినవి చెత్తలోకి. గంట గడిచేసరికి రెండవ కుప్పే పెద్దదని తేలిపోయింది.

గడపలో కూర్చున్న అత్తగారు గొంతు తగ్గించింది. "కిలోకి మూడు మంచివి పైన, రెండు ఇవి అడుగున వెయ్యి. ఎవరు చూడొచ్చారే? దుకాణం వాడు చేసేది అదేగా."

"దుకాణం వాడు సాయంత్రం షట్టరు దించి పోతాడు అత్తయ్యా. మనం ఈ మెట్ల కిందే పడుకుంటాం. పొద్దున్నే పాయ చేత్తో పట్టుకుని తలుపు కొడతారు."

"అయితే పారేస్తావా?"

"పారెయ్యను," అంది ఆమె. "రేపటి దాకా ఉండవు గానీ, ఈ పూట వండితే వీటికేం? ఈ పూటే ఇంత ఉల్లి కావలసినవాళ్లు ఎవరో చూడాలి."

పక్క వీధిలో విద్యార్థుల మెస్ ఉంది. ఒలిచిన పాయలు ఒక గిన్నెలో, ఒలవనివి ఒక సంచిలో పట్టుకొని ఆమె వంటమాస్టారి ఎదుట నిలిచింది. దాపరికం లేకుండా జరిగినదంతా చెప్పింది. ఆయన ఒక పాయను అడ్డంగా కోసి, వాసన చూసి, పెదవి విరిచాడు.

"బాగానే ఉంది. చెడిపోయే సరుకు కదమ్మా, బజారు ధరలో సగమిస్తాను."

"చెడిన పొర మా ఇంట్లో బుట్టలో ఉంది మాస్టారూ. మీ చేతిలో ఉన్నది నేరుగా బాణలిలోకి పోయేది. బజారు పాయకి పొట్టు తూకానికి కూడా మీరే డబ్బు కడుతున్నారు, ఒలిచే మనిషి కూలీ మీదే."

"మా వాడు ఒలుస్తాడులే."

లోపల నుంచి మా వాడు అనబడిన పెద్దమనిషి ఎర్రబడిన కళ్లు తుడుచుకుంటూ, "ఒప్పేసుకోండి మాస్టారూ, ఈ ఒక్కరోజు నా కళ్లకి సెలవు," అన్నాడు. వంటమాస్టారు నవ్వు ఆపుకోలేకపోయాడు. చివరకు ఆమెకు బస్తా పడ్డ ధరకు ఒప్పుకున్నాడు. సాయంత్రపు వంటకు ముందే చేరాలి, నీళ్లతో కడగకూడదు అన్నాడు. మెత్తబడినది ఒక్కటి కనిపించినా గంప తిప్పి పంపిస్తానని కూడా హెచ్చరించాడు.

ఇంట్లో కత్తులు మూడే ఉన్నాయి. భర్త రంగు గీకే రేకును తోమి తెచ్చుకున్నాడు. ముక్కు చీదుతూ, కన్నీళ్లు కారుస్తూ ఒలిచాడు.

"తన పెళ్లప్పుడు కూడా వీడింత ఏడవలేదు," అంది అత్తగారు, తన కన్నీరు మోచేతితో తుడుచుకుంటూ.

"పెళ్లికి పట్టా కప్పలేదుగా," అన్నాడు అతడు. ఆమెకు అప్పుడు మొదటిసారి నవ్వు వచ్చింది. అయినా చేయి ఆపలేదు. అతడు ఒలిచిన ప్రతి పాయనూ తాను మరొకసారి నొక్కి చూసి గంపలో వేసింది. రెండింటిని తిప్పి ఇస్తే అతడు చెత్తలో వేశాడు.

గంపలు వేళకు చేరాయి. వంటమాస్టారు అడుగు దాకా చేయి దూర్చి వెదికి, ఏమీ దొరకక, తూకం వేయించాడు.

మరునాడు ఆరిన మంచి కుప్ప అమ్మకానికి వచ్చింది. మేడ మీది టీచరమ్మ సంచి చాపుతూనే ముక్కు చిట్లించింది. "నిన్న మీ ఇంటి వాసన మా వంటగదిలోకి వచ్చిందమ్మా. అవేనా ఇవి?"

"ఆ బస్తాలవే. చెడినవి తీసేశాను, ఒలిచి పనికొచ్చేవి మెస్సుకి ఇచ్చాను. ఇవి గట్టివి. కానీ చాలా రోజులు దాచుకోకండి, నాలుగు రోజులకు సరిపడా తీసుకోండి."

"ఎక్కువ కొనమని చెప్పేవాళ్లను చూశాను గానీ, తక్కువ కొనమనడం ఇప్పుడే విన్నాను," అని టీచరమ్మ ఒక పాయను నొక్కి చూసి, రెండు కిలోలు అడగబోయి కిలో అడిగింది. వెనుక నిలబడిన వారూ అంతే కొన్నారు. తూకానికి పైన చిన్న పాయ వేయడం ఆమె ఆనాడు కూడా మానలేదు.

లాభం రాలేదు. చెత్తలో పోయినది, ఎండి తగ్గినది తీసివేస్తే నాలుగు బస్తాల పెట్టుబడి మూడు బస్తాలకు కుదించుకుపోయింది. ప్యాకింగ్ కార్ఖానా మేస్త్రీ మనుషులు కావాలని కబురు పంపితే, ఆమె రానని చెప్పించింది. ఆటో పిలిచి టోకు బజారుకు బయలుదేరుతుండగా, భర్త వసారాలో ఇటుకలు సర్దుతూ అడిగాడు.

"ఎన్నింటికి చోటు చెయ్యమంటావు?"

"మూడింటికి," అంది ఆమె, ఆటో ఎక్కుతూ. "మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ ఉంచు."