ఊరికే వచ్చిన మంత్రి

కువైట్‌లో, రుమైథియాలోని ఆ ఇంట్లో పనికి చేరిన మొదటి వారమే స్నానాలగది గడప దగ్గర బంగారు ఉంగరం కనబడింది. వంగి తీయబోతుంటే, వంట చేసే రాయచోటి అక్క నా చెయ్యి పట్టి ఆపింది.

"ముట్టుకోవాకు మే. అది పడింది కాదు, నిన్ను పరీక్ష చేసేకి పెట్టింది. ముందు మామాను పిలువు."

పిలిచాను. మేం మామా అని పిలిచే ఇంటావిడ వచ్చి ఉంగరం వేలికి తొడుక్కుని వెళ్లిపోయింది. తర్వాతి వారం సబ్బుపెట్టె పక్కన చెవికమ్మ కనబడింది, మామా తలుపు దగ్గర నిలబడి కావాలనే పక్కకు చూస్తోంది. అప్పటినుంచి ఏ వస్తువైనా ఊరికే పడి ఉంటే, దాన్ని చూడను. దాని వెనక ఎవరున్నారా అని చూస్తాను.

ఆవిడ మామగారిని బాబా అనేవాళ్లం. వయసులో ఉన్నప్పుడు పడవల మీద బొంబాయి తిరిగినవాడు, నాతో హిందీలో మాట్లాడేవాడు. చేతులు వణికే జబ్బు. చదరంగం బల్ల మీదికి చెయ్యి చాస్తే పావులు కూలిపోయేవి. అందుకని హవల్లీ నుంచి లెక్కల మాస్టారు ఆటకు వచ్చినప్పుడు, బాబా చెప్పిన పావును చెప్పిన గడిలో పెట్టడం నా పని అయింది.

మాస్టారు షరతులు పెట్టాడు. నేను నోరు తెరవకూడదు. నా చెయ్యి తగిలితే బాబా చెయ్యి తగిలినట్టే. ఇక ఆ పావే ఆడాలి.

"ఆడేమో బొమ్మలు జరపను పోతివి, ఈడ అంట్లు నీ మొగుడు తోముతాడా?" అని అక్క దెప్పేది.

రెండేళ్లు అలా జరిగాయి. మాస్టారు కువైట్ వదిలి అమ్మాన్ వెళ్లిపోయే వారం వచ్చింది. చేతులు వణకడం మొదలయ్యాక బాబా ఆయన మీద ఒక్కసారీ గెలవలేదు. అదే ఆఖరి ఆట.

"చేతులతో పాటు నా బుర్రా పోయిందని అక్కడ చెప్పుకుంటాడు" అని బాబా పొద్దుటినుంచీ గొణుగుతున్నాడు.

ఆట సగం దాటింది. మా రాజు చివరి వరసలో, ముందు మూడు బంట్లతో ఉన్నాడు. ఆ బంట్లే ఆయనకు గోడ. కదలడానికి చోటు లేదు. ఆ వరసకు కాపలా ఒకే ఒక్క ఏనుగు. ఇంతలో మాస్టారు తన మంత్రిని తెచ్చి సరిగ్గా ఆ ఏనుగు ముందు పెట్టాడు. దానికి అండగా ఏ పావూ లేదు. పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ టీ తాగసాగాడు.

"వజీర్‌ను ఇచ్చేశాడు! ఏనుగుతో తిను. యల్లా, కానీ!" అన్నాడు బాబా.

నా చెయ్యి ఏనుగు మీదికి వెళ్లి గాలిలోనే ఆగిపోయింది. నాకు ఎత్తులు తెలిసి కాదు. మామా చెవికమ్మ పెట్టినప్పుడు కూడా ఇలాగే పక్కకు చూసింది.

బాబా నా చెయ్యి వంక చూశాడు. తర్వాత బల్లను చూశాడు. మాస్టారి ఏనుగు ఉన్న నిలువు దారి చివరిదాకా ఖాళీ. మా ఏనుగు మంత్రిని తినడానికి వరస వదిలితే, వాళ్ల ఏనుగు నేరుగా మా చివరి వరసలోకి దిగుతుంది. ఆట ఖలాస్.

"వద్దు" అన్నాడు మెల్లగా. "ఏనుగును రాజు పక్కకు జరుపు."

మాస్టారు కప్పు దించాడు. "తినమన్నావు కదా! ఈమె చెయ్యి ఎందుకు ఆగింది?"

"నోరు తెరిచిందా? చెయ్యి తగిలిందా? నీ షరతులే."

మాస్టారు నన్ను ఒకసారి చూసి, కోపంగా మంత్రితో ఓ బంటును తిన్నాడు. మంత్రి ఇంకా దూరం పోయింది. బాబా మా మంత్రితో కిష్, అంటే రాజుకు చెక్, చెప్పించాడు, తర్వాత గుర్రంతో, ఆ తర్వాత రెండింటితో ఒకేసారి. వాళ్ల రాజు మూలకు చేరాడు.

"ఇప్పుడు వజీర్‌ను వాళ్ల రాజు పక్క గడిలో పెట్టు."

నా చెయ్యి మళ్లీ ఆగింది.

"పెట్టమ్మా. ఈసారి ఎర మనది."

పెట్టాను. మా గుర్రం కాపలా ఉంది కాబట్టి రాజు మంత్రిని తినలేడు. ఇందాక మా మీదికి రాబోయిన ఏనుగే తన దారి వదిలి వచ్చి తినాల్సి వచ్చింది. అది రాజు పక్కనే కూర్చుంది. పక్కన తన ఏనుగు, ముందు తన బంట్లు, రాజుకు దారి లేదు. గుర్రం ఒక్క దూకు దూకింది. కిష్ మాత్, ఆట కట్టు.

మాస్టారు బాబా భుజం తట్టాడు కానీ నా వంక చూడకుండానే వెళ్లిపోయాడు. నేను సైగ చేశాననే ఆయన నమ్మకం.

పావులు పెట్టెలో సర్దుతుంటే బాబా అడిగాడు, "ఎందుకు ఆగావు?"

ఉంగరం, చెవికమ్మల సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన వణికే చేతులు ఒడిలో పెట్టుకుని నేల వైపు చూశాడు.

"కోడలికి అలా చెయ్యమని చెప్పింది నేనే" అన్నాడు.

నేను పెట్టె మూత వేశాను. ఆ ఇంట్లో ఇంకో నాలుగేళ్లు పని చేశాను. ఉంగరం మళ్లీ కనబడలేదు. అయినా స్నానాలగదిలోకి వెళ్లే ముందు గడప చూసే వెళ్లేదాన్ని.