ఉత్తరం దిక్కు చూసిన పలకలు

మా ఆయన పోయాక సాయంత్రం పిలవని చుట్టంలా తయారైంది. రమ్మనకపోయినా వచ్చేది, ఓ పట్టాన పోయేది కాదు. అందుకే ఇంద్రేశంలోని మా ముందుగదిలో ఊరి పిల్లలకు ఊరికే ట్యూషన్ చెప్పడం మొదలుపెట్టాను. బడిలో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. వాళ్ళ గోల లేకపోతే నాకు అన్నం సయించేది కాదు. అయితే సరిగ్గా దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయేది, పిల్లలు పుస్తకాలు సర్దుకుని ఇళ్ళకు పోయేవాళ్ళు. ఆ తర్వాత ఇల్లు బావురుమనేది.

సోలార్ అంటే ఊళ్ళో ఇంకా వింతగా చూసే రోజులవి. పటాన్‌చెరులో ఆ సామాను బిగించే ఒకతను కొటేషన్ రాసిచ్చాడు. మిద్దె మీద రెండు పలకలు, కింద ఒక బ్యాటరీ, మూడు ట్యూబులైట్లు రోజూ నాలుగు గంటలు. 'ఏ కాలమైనా' అని కింద గీత గీసి మరీ రాశాడు. ఎండాకాలంలో బిగిస్తే ఎండాకాలమంతా భేషుగ్గా వెలిగాయి. చలి మొదలయ్యేసరికి గంటన్నరకే బ్యాటరీ పెట్టె మీద ఎర్ర లైటు వెలిగి, గది చీకటయ్యేది.

ఫోన్ చేస్తే, "ఫ్యాక్టరీల దుమ్ము మేడం, పలకలు తుడువుర్రి" అన్నాడు. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి అద్దాల్లా తుడిచాను. ఏమీ మారలేదు. మళ్ళీ చేస్తే ఫోన్ ఎత్తలేదు.

ఇంతలో ఒక పిల్ల తల వంచుకుని చెప్పింది. "మా అమ్మ రేపటి సంది పటాన్‌చెరు ట్యూషన్‌కు పొమ్మన్నది టీచర్. ఆడ జనరేటర్ ఉన్నదంట." ఆ పిల్ల వెనకాలే మిగతావాళ్ళూ ఒక్కొక్కరే జారుకున్నారు. ముందుగదిలో చాప పరిచి, ఎవరైనా వస్తారేమోనని కూర్చునేదాన్ని. చీకటి కంటే ఆ చాపను చూస్తేనే నాకు భయమేసేది.

ఒక మధ్యాహ్నం మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే దండెం కర్ర నీడ ఉత్తరానికి పొడుగ్గా పడి కనిపించింది. చలికాలం సూర్యుడు దక్షిణాన దిగి నడుస్తాడని ఏళ్ళ తరబడి పాఠం చెప్పినదాన్నే. నా పలకలు మాత్రం ఆయనకు వీపు పెట్టి ఉత్తరానికి వాలి ఉన్నాయి. అప్పుడే కిందికి దిగి ఉత్తరం రాశాను.

"అయ్యా, మీ కొటేషన్ నకలు జతపరిచాను. అందులో నాలుగు గంటలు, ఏ కాలమైనా అన్నారు. నాకు వస్తున్నది గంటన్నర. మనదేశంలో సూర్యుడు చలికాలమంతా దక్షిణం వైపు ఉంటాడు. మీరు పలకలను ఉత్తరానికి వంచారు. ఎండాకాలం నడినెత్తి మీది ఎండతో మీ తప్పు కప్పబడింది. వచ్చి, మీటరు పెట్టి, నా ఎదుట కొలవండి. ఈ ఇంటికి పిల్లలు వచ్చేది ఆ వెలుతురు కోసమే. త్వరపడండి."

నాలుగు రోజులు తిరగకముందే వచ్చాడు. ఎండలో మీటరు పెట్టాడు. ముల్లు సగం దాకా కూడా లేవలేదు. ఒక పలక విప్పి చేతులతో దక్షిణానికి వంచి పట్టుకుంటే ముల్లు గబగబా పైకి పోయింది. అతని మొహం మాడిపోయింది.

"తెలిసీ ఇట్లా ఎందుకు పెట్టావయ్యా?"

"బిగించేటప్పుడు పక్కింటి పెద్దాయన వచ్చిండు మేడం. దక్షిణం దిక్కు వాలు పెడితే ఇంటికి అరిష్టం, ఒక్కతే ఆడమనిషి ఉన్నదన్నడు. నేను గూడ నిజమే అనుకున్న."

"గోడ మీద సిలువ కనపడలేదా?"

"కనపడ్డది. మా ఊర్ల చర్చికి పోయేటోళ్ళు గూడ ఇల్లు వాస్తు సూస్కొనే కడ్తరు మేడం."

నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. "యముడు ఈ ఇంటికి వాస్తు చూడకుండానే వచ్చి పోయాడు నాయనా. ఇంక ఏ అరిష్టానికి భయపడాలి? నన్నొక్క మాట అడగాల్సింది" అన్నాను. అతను పానా తీశాడు. సాయంత్రం దాకా కూర్చుని ఫ్రేము బోల్టులన్నీ విప్పి, పలకలు దక్షిణానికి తిప్పి బిగించాడు.

వారం తిరిగేసరికి బ్యాటరీ కోలుకుంది. మూడు లైట్లూ నాలుగు గంటలు నిండుగా వెలిగాయి. పిల్లలు మాత్రం తిరిగి రాలేదు. పటాన్‌చెరు ట్యూషన్‌కు అలవాటుపడ్డారు, వాళ్ళ తప్పేముంది. ఖాళీ చాప ఇప్పుడు మూలమూలలా స్పష్టంగా కనిపించేది.

ఓపిక పట్టి, పట్టి, చివరికి ఇంకో ఉత్తరం రాశాను. "దీపాలు మీ కొటేషన్ ప్రకారమే వెలుగుతున్నాయి. అయినా ఒకసారి వచ్చి చూసిపోగలరు."

వచ్చాడు. మిద్దె ఎక్కి మీటరు పెట్టాడు, దిగి బ్యాటరీ నీళ్ళు చూశాడు, దీపాలు పెట్టే వేళకు చేతులు దులుపుకుంటూ లేచాడు. "అంత మంచిగనే ఉన్నది గద మేడం, ఏమైంది?"

"ఏమీ కాలేదు. కూర్చో, చాయ్ తాగి పో."

అతను వెలుగుతున్న లైట్లను, చాపను చూసి, చాప మీదే కూర్చున్నాడు. నేను స్టవ్ మంట తగ్గించి పెట్టాను. చాయ్ మరిగేదాకా ఉంటాడు కదా.